నెల్డర్–మీడ్ మొదలుపెట్టిన చోటే ఆగిపోతోంది, పైగా సక్సెస్ అని చూపిస్తోంది

పంప్‌టెస్ట్_తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎంటెక్ చేస్తున్నాను. పలమనేరు వైపు ఒక బోరు మీద పంపింగ్ టెస్ట్ చేశాం. సెకనుకు 2 లీటర్ల చొప్పున తోడుతూ, 30 మీటర్ల దూరంలో ఉన్న ఇంకో బోరులో నీటిమట్టం ఎంత దిగిందో 10వ నిమిషం నుంచి 1000వ నిమిషం దాకా 12 రీడింగులు తీసుకున్నాం. పగటి కరెంటు సరిపోదని జనరేటర్ పెట్టి నడిపించాం.

ఈ రీడింగుల నుంచి రెండు సంఖ్యలు కావాలి. ఒకటి T, అంటే రాతి పొరలో నీరు ఎంత సులువుగా కదులుతుందో చెప్పేది. రెండోది S, అంటే ఆ పొర ఎంత నీటిని పట్టి ఉంచుతుందో చెప్పేది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పాత ప్రోగ్రామ్ ఉంది. T, S ఇస్తే 12 నీటిమట్టాలు ఒక ఫైల్లో రాసి ఇస్తుంది, మీటర్లలో, రెండు దశాంశ స్థానాల వరకే. సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు, కాబట్టి డెరివేటివ్ దొరికే దారి లేదు. కొలిచిన మట్టాలకూ ప్రోగ్రామ్ ఇచ్చిన మట్టాలకూ ఉన్న తేడాల వర్గాల మొత్తాన్ని కనిష్ఠం చేయాలి. T, S నెగటివ్‌లోకి పోకుండా మొదటి అంచనాతో భాగించి, లాగరిథమ్ తీసుకుని నడిపించాను:

```python
p0 = np.array([60.0, 0.0002])
def f(z):
    T, S = p0 * np.exp(z)
    return np.sum((run_model(T, S) - obs)**2)
res = minimize(f, [0, 0], method='Nelder-Mead')
```

వచ్చింది ఇది:

```
message: Optimization terminated successfully.
      x: [ 0.000e+00  0.000e+00]
   nfev: 11
```

నా అంచనానే సరైనదని అనుకోవడానికి వీల్లేదు. 100వ నిమిషంలో కొలిచింది 0.80 మీటర్లు, ప్రోగ్రామ్ 0.91 అంటోంది. 1000వ నిమిషంలో కొలిచింది 1.51, ప్రోగ్రామ్ 1.43 అంటోంది. గైడ్‌కి రిజల్ట్ చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పుతోంది?

ఓఆర్_మాస్టారు

బాబూ, సింప్లెక్స్ పద్ధతి అంటే ముందు కన్‌స్ట్రెయింట్లు రాయాలి. నీ ప్రశ్నలో ఒక్కటి కూడా లేదు. డాంట్జిగ్ 1947లో ఇచ్చిన పద్ధతి ఒక మూల నుంచి పక్క మూలకు వెళ్తుంది. మూలలే లేనప్పుడు కదలడానికి దానికి చోటెక్కడ? T, S లకు గరిష్ఠం, కనిష్ఠం పెట్టి, స్లాక్ వేరియబుల్స్ కలిపి టేబుల్ వెయ్యి. చిత్తూరులో మా పిల్లలకు మొదటి వారమే చెప్తాను ఇది.

స్వర్ణముఖి

మాస్టారు గారూ, మీరు చెప్పేది లీనియర్ ప్రోగ్రామింగ్ గురించి. ఇది వేరే పద్ధతి, రెండింటినీ సింప్లెక్స్ అనే పిలుస్తారు. 1965లో నెల్డర్, మీడ్ ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఇందులో కన్‌స్ట్రెయింట్లు అక్కర్లేదు. తలంలో మూడు బిందువులు పెట్టి, మూడు చోట్లా ఫంక్షన్ విలువ చూసి, అన్నిటికన్నా చెడ్డ బిందువును తీసి అవతలి పక్కకు వేస్తూ ఆ త్రిభుజాన్ని నడిపిస్తారు.

తమ్ముడూ, నీ సమస్య ఆ 11 అనే అంకెలోనే కనిపిస్తోంది. నువ్వు ఒక్క బిందువు ఇచ్చావు, మిగతా రెండూ `scipy` తనంతట తానే పెట్టుకుంది. మామూలుగా అది ఒక్కో వేరియబుల్‌ను 5 శాతం పెంచి కొత్త శీర్షం పెడుతుంది. కానీ ఆ వేరియబుల్ సున్నా అయితే సున్నాలో 5 శాతం సున్నానే కదా, అందుకని 0.00025 పెడుతుంది. నువ్వు మొదటి అంచనాతో భాగించి లాగ్ తీయడం వల్ల నీ ప్రారంభం కచ్చితంగా (0, 0). అంటే నీ త్రిభుజం భుజం 0.00025. లాగ్‌లో అంత మార్పు అంటే S లో 0.025 శాతం.

దాని వల్ల నీటిమట్టం ఎంత మారుతుంది? తోడే రేటు Q అనుకుంటే, నీ లెక్కలో Q/(4πT) దాదాపు 0.23 మీటర్లు. దాన్ని 0.00025తో గుణిస్తే సెంటీమీటర్‌లో వందో వంతు కూడా రాదు. T వల్ల వచ్చే మార్పు కొంచెం ఎక్కువే, అయినా సెంటీమీటర్‌లో ముప్ఫయ్యో వంతు దాటదు. నీ ప్రోగ్రామ్ సెంటీమీటర్ దగ్గర రౌండ్ చేసేస్తోంది. కాబట్టి మూడు శీర్షాల దగ్గరా 12 అంకెలూ అవే వచ్చాయి, f కూడా ఒకటే వచ్చింది.

ఇప్పుడు 11 లెక్క చూడు. మొదటి మూడు శీర్షాలకు 3. చెడ్డ శీర్షాన్ని అవతలికి వేసి చూసింది, అదే విలువ. లోపలికి లాగి చూసింది, అదే విలువ. ఏదీ మెరుగు కాకపోతే మంచి శీర్షం వైపు త్రిభుజం మొత్తాన్ని సగానికి కుదిస్తుంది, దానికి ఇంకో 2. మొత్తం ఒక రౌండుకు 4. భుజం 0.000125 అయింది. మళ్లీ అదే 4, భుజం 0.0000625 అయింది. ఇది డిఫాల్ట్ `xatol` అయిన 0.0001 కన్నా చిన్నది, విలువల మధ్య తేడా ఎలాగూ సున్నా. ఆగిపోయింది. 3 + 4 + 4 = 11. సక్సెస్ అన్న మాటకు ఇక్కడ అర్థం త్రిభుజం చిన్నదైంది అని మాత్రమే.

కోడ్_కుర్రాడు

ఇంత తలనొప్పి ఎందుకన్నా? `method='BFGS'` పెట్టు. డెరివేటివ్ నువ్వు ఇవ్వకపోయినా అదే న్యూమరికల్‌గా లెక్కేసుకుంటుంది. స్మూత్ ఫంక్షన్లకు నెల్డర్–మీడ్ కన్నా ఎన్నో రెట్లు ఫాస్ట్.

స్వర్ణముఖి

స్మూత్ ఫంక్షన్లకు ఫాస్ట్ అన్న మాట నిజం. ఇక్కడ ఫంక్షన్ స్మూత్ కాదు, అదే చిక్కు. న్యూమరికల్ డెరివేటివ్ కోసం అది వేసే అడుగు దాదాపు 0.000000015. 0.00025 అడుగుకే ఏ మార్పూ కనిపించని చోట దీనికేం కనిపిస్తుంది? గ్రేడియంట్ రెండు భాగాలూ సున్నా వస్తాయి, కనిష్ఠం దొరికిందనుకుని మొదటి చోటే ఆగుతుంది. అడుగు పెద్దది చేస్తే కొంత పని జరుగుతుంది, కానీ అప్పుడు డెరివేటివ్‌లోనే రౌండింగ్ పొరపాటు చేరుతుంది. ఒక చోట సెంటీమీటర్ గీత దాటితే వాలు ఉన్నట్టు, దాటకపోతే లేనట్టు వస్తుంది.

త్రిభుజానికి వాలు ఎంత అన్నది అక్కర్లేదు. మూడు విలువల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అన్న వరుస తెలిస్తే చాలు. అందుకే రౌండింగ్ ఉన్నా పనిచేస్తుంది, కానీ శీర్షాల మధ్య దూరం ఆ రౌండింగ్‌ను దాటేంత ఉండాలి.

పంప్‌టెస్ట్_తిరుపతి

మేడమ్, 11 లెక్క సరిగ్గా సరిపోయింది, ధన్యవాదాలు. ఒక డౌటు. త్రిభుజం పెరగగలదు కదా? చిన్నదిగా మొదలైతే అదే పెద్దదై వెళ్లొచ్చు కదా?

స్వర్ణముఖి

మంచి ప్రశ్న. వాలు కనిపిస్తే పెరుగుతుంది. ఎలా పెరుగుతుందో ఒక చిన్న లెక్క చేత్తో వేసి చూపిస్తాను, నువ్వూ కాగితం తీసుకో.

f = (x−4)² + 4(y−2)². కనిష్ఠం (4, 2) దగ్గర అని మనకు తెలుసు, త్రిభుజానికి తెలియదు. మొదటి శీర్షాలు (0,0), (1,0), (0,1). విలువలు 32, 25, 20.

అన్నిటికన్నా చెడ్డది (0,0). మిగతా రెండింటి మధ్య బిందువు (0.5, 0.5). చెడ్డ బిందువు నుంచి ఆ మధ్య బిందువు గుండా అంతే దూరం అవతలికి వెళ్తే (1,1). అక్కడ విలువ 13. ఇప్పటిదాకా ఉన్న మంచి విలువ 20 కన్నా ఇది తక్కువ, అంటే దిశ బాగుంది. అదే దిశలో ఇంకొంచెం ముందుకు వెళ్తే (1.5, 1.5), విలువ 7.25. ఇంకా మంచిది, దీన్నే ఉంచుకుంటాం. త్రిభుజం వైశాల్యం రెట్టింపైంది.

ఇప్పుడు చెడ్డది (1,0), విలువ 25. దాన్ని అవతలికి వేస్తే (0.5, 2.5), విలువ 13.25. ఇది మంచి విలువ 7.25ను దాటలేదు, కానీ రెండో స్థానంలో ఉన్న 20 కన్నా మెరుగు. కాబట్టి సాగదీయకుండా ఉన్నదున్నట్టు తీసుకుంటాం. తర్వాత చెడ్డది (0,1). అవతలికి వేస్తే (2,3), విలువ 8. ఇదీ అంతే.

మూడు శీర్షాలు ఇప్పుడు (1.5,1.5), (2,3), (0.5,2.5). చెడ్డది చివరిది. అవతలికి వేస్తే (3,2), విలువ 1. చాలా బాగుంది, సాగదీద్దాం: (4.25, 1.75), విలువ 0.3125. తీసుకున్నాం.

తర్వాతి అడుగు చూడు. చెడ్డది (2,3), విలువ 8. అవతలికి వేస్తే (3.75, 0.25), అక్కడ 12.3125. ఉన్నదానికన్నా చెడింది, అంటే లోయ దాటి అవతలి గట్టెక్కేశాం. అప్పుడు చెడ్డ బిందువుకూ మధ్య బిందువుకూ నడుమన చూస్తాం: (2.4375, 2.3125), విలువ 2.83. ఇది 8 కన్నా మెరుగు, తీసుకున్నాం. వైశాల్యం సగమైంది.

అయిదు అడుగుల్లో వైశాల్యం 0.5 నుంచి 1, 2 అయి మళ్లీ 1కి వచ్చింది. ఫంక్షన్‌ను 11 సార్లే అడిగాం, నీ రన్‌లో కూడా 11 సార్లే. ఇక్కడ పెరగడానికి కారణం 13 అనేది 20 కన్నా కచ్చితంగా తక్కువ కావడం. విలువలు సమానమైతే సాగదీసే నియమం పనిచేయదు, కుదించేదే పనిచేస్తుంది. అందుకే నీ త్రిభుజం రౌండింగ్ మెట్టు మీద పుట్టి అక్కడే కుంచించుకుపోయింది.

పల్ప్_యూనిట్

మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు యూనిట్. తోతాపురి సీజన్‌లో రెండు సెట్టింగులు మార్చుతూ ఉంటాం, గుజ్జు వేడి చేసే ఉష్ణోగ్రత, పంపు వేగం. మేమూ ఇలాంటి త్రిభుజమే గీసుకుని మెషిన్ మీద చేశాం, కంప్యూటర్ లేకుండా. మా ఇబ్బంది వేరే. ఒకే సెట్టింగులో రెండుసార్లు చేస్తే రెండు రకాల రిజల్ట్ వస్తుంది, కాయ రోజుకో రకం కదా. ఒకరోజు ఒక సెట్టింగు బ్రహ్మాండంగా వచ్చింది, ఆ తర్వాత త్రిభుజం దాని చుట్టూనే తిరిగి చిన్నదైపోయింది. మళ్లీ అదే సెట్టింగు పెడితే మామూలుగానే వచ్చింది. వీళ్ల ప్రోగ్రామ్‌కి కూడా ఇదే జబ్బా?

స్వర్ణముఖి

కాదండీ, రెండూ వేరు. వాళ్ల ప్రోగ్రామ్ ఒకే T, S కి ఎప్పుడు అడిగినా ఒకే జవాబు ఇస్తుంది, కాకపోతే మెట్లు మెట్లుగా ఇస్తుంది. మీ దగ్గర ప్రతిసారీ జవాబు మారుతోంది. నెల్డర్–మీడ్ మంచి శీర్షాన్ని మళ్లీ కొలవదు. అదృష్టవశాత్తూ ఒకసారి మంచి విలువ వచ్చిందా, అది అలాగే ఉండిపోతుంది, మిగతావన్నీ దాని వైపు కుదించుకుంటాయి.

మీలాంటి పనికి దీనికన్నా ముందు వచ్చిన పద్ధతే నయం. 1962లో స్పెండ్లీ, హెక్స్ట్, హిమ్స్‌వర్త్ ముగ్గురూ ఇచ్చింది. అందులో త్రిభుజం సైజు మారదు, సాగదు, కుదించుకోదు, పొర్లుతూ వెళ్తుంది అంతే. ఒక శీర్షం వరుసగా మూడు త్రిభుజాల్లో కదలకుండా ఉండిపోతే, దాన్ని మళ్లీ కొలవాలని నియమం. నిజంగా మంచిదైతే నిలబడుతుంది, అదృష్టమైతే బయటపడుతుంది. భుజం మాత్రం మీ రోజువారీ తేడాల కన్నా పెద్ద మార్పు తెచ్చేంత ఉండాలి.

తమ్ముడూ, నీ విషయానికి వద్దాం. భుజాలు నువ్వే ఇవ్వు. రెండు వైపులా నీటిమట్టంలో దాదాపు సమానమైన మార్పు వచ్చేలా చూడు. T ని 35 శాతం పెంచితే 100వ నిమిషంలో మట్టం సుమారు 18 సెంటీమీటర్లు మారుతుంది. S ని రెట్టింపు చేస్తే సుమారు 16. లాగ్‌లో ఇవి 0.3, 0.7.

```python
tri = np.array([[0, 0], [0.3, 0], [0, 0.7]])
res = minimize(f, tri[0], method='Nelder-Mead',
    options={'initial_simplex': tri,
             'xatol': 0.01, 'fatol': 1e-4})
```

`fatol` ని 1e-4 దగ్గరే ఉంచడానికి కారణం ఉంది. f మీటర్ల వర్గాల్లో ఉంది, 1e-4 అంటే ఒక సెంటీమీటర్ వర్గం. అంతకన్నా సన్నగా అడిగితే నీ ప్రోగ్రామ్ చెప్పలేని దాన్ని అడిగినట్టే.

పంప్‌టెస్ట్_తిరుపతి

వచ్చేసింది మేడమ్! x: [-0.31, 1.12], nfev: 47. అంటే T దాదాపు 44, S దాదాపు 0.0006. 100వ నిమిషం 0.80, 1000వ నిమిషం 1.51, రెండూ కలిశాయి. ఇక దీన్నే రిపోర్టులో రాసేయవచ్చా?

కోడ్_కుర్రాడు

రాసెయ్ అన్నా. రెండు వేరియబుల్స్‌లో నెల్డర్–మీడ్ కన్వర్జ్ అవుతుందని ప్రూఫ్ కూడా ఉంది. 1998లో వచ్చింది, లగారియస్ వాళ్లది.

స్వర్ణముఖి

ఆ ప్రూఫ్ చెప్పేది అంత కాదు. ఫంక్షన్ ఖచ్చితంగా కుంభాకారంగా, కనిష్ఠం ఉన్నదై ఉంటే, రెండు వేరియబుల్స్‌లో త్రిభుజం సైజు సున్నాకు చేరుతుందని రుజువైంది. చేరిన చోటు కనిష్ఠమే అని కాదు. అదే సంవత్సరం మెకినన్ రెండు వేరియబుల్స్‌లోనే, కుంభాకార ఫంక్షన్ మీదే, త్రిభుజం కనిష్ఠం కాని చోట కూలిపోయే ఉదాహరణ ఇచ్చాడు. అక్కడ ప్రతి అడుగులోనూ లోపలికి లాగడమే జరుగుతుంది. మంచి శీర్షం అస్సలు కదలదు, మిగతా రెండూ దాని వైపు వస్తూ త్రిభుజం గీతలా సన్నబడుతుంది. ఆ గీతకు అడ్డంగా వాలు ఉన్నా త్రిభుజానికి ఇక కనిపించదు.

అలా జరిగిందో లేదో తెలుసుకోవడానికి `res.final_simplex` తెరిచి మూడు శీర్షాలూ చూడు, దాదాపు ఒకే గీత మీద ఉన్నాయా అని. ఎలా ఉన్నా సరే, వచ్చిన బిందువు దగ్గర కొత్తగా పెద్ద త్రిభుజం వేసి, ఈసారి భుజాలు అటు వైపు, అంటే −0.3, −0.7 పెట్టి మళ్లీ నడుపు. ఇంకో యాభై రన్లు పడతాయేమో, పట్టనీ.

పంప్‌టెస్ట్_తిరుపతి

నడిపాను. T 44 దగ్గరికే వచ్చింది. S లో అయిదో దశాంశం దగ్గర కొంచెం అటూ ఇటూ ఉంది, f మాత్రం అంతే. చివరి త్రిభుజం ఒక వైపు కొంచెం పొడవుగా, వాలుగా ఉంది కానీ గీతలా లేదు.

బోర్ల_సర్వే

ఆ వాలు త్రిభుజం మీద ఒక మాట. ఇరవై ఏళ్లకు పైగా ఈ జిల్లాలో బోరు పాయింట్లు చూస్తున్నాను. T పెంచి S తగ్గిస్తే దాదాపు అవే మట్టాలు వస్తాయి. నీ మొదటి అంచనా దగ్గరే చూడు. T ని 60 నుంచి 66 చేసి, S ని పావు వంతు తగ్గించి 0.00015 చెయ్యి. 100వ నిమిషంలో మట్టం అదే 0.90 దగ్గర వస్తుంది. తేడా తెలిసేది 1000వ నిమిషంలో, 1.43 బదులు 1.38. అయిదు సెంటీమీటర్లు. నువ్వు జనరేటర్ పెట్టి అంతసేపు తోడావు కాబట్టి సరిపోయింది. రెండు గంటలకే ఆపేసి ఉంటే, ఏ త్రిభుజం వేసినా ఆ లోయలో ఎక్కడో ఒక చోట ఆగేది, ఆగిన చోటు నిజమైన T, S అని చెప్పలేం.

ఇంకో సంగతి. మీ ప్రోగ్రామ్ థైస్ సూత్రం మీద నడిచేదైతే, అది ఇసుక పొరలాంటి ఏకరీతి పొరకు రాసింది. పలమనేరు వైపు గట్టి రాయి, నీరు పగుళ్లలో ఉంటుంది. మొదటి అరగంటలో వాలు ఒకలా, తర్వాత ఇంకోలా వస్తే ఒకే T, S జత రెండింటికీ సరిపోదు.

స్వర్ణముఖి

లోయ గురించి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. త్రిభుజం ఆ లోయ వెంట పొడవుగా సాగడం మంచిదే, అలా సాగడం వల్లే తొందరగా వెళ్తుంది. T, S లను లాగ్ లేకుండా నేరుగా ఇచ్చి ఉంటే ఇది ఇంకా చెడేది. `xatol` 0.0001 అంటే S విలువ 0.0002లో సగం. ఆ వైపు అది ఏమీ ఆపదు, T వైపు మాత్రం 60లో నాలుగో దశాంశం దాకా పట్టుబడుతుంది.

రాయి పగుళ్ల సంగతి నాకు తెలిసిన పరిధి కాదు. కానీ ఒకటి చేయొచ్చు. 12 రీడింగుల్లో ఒక్కొక్కదానికి ఎంత తేడా మిగిలిందో వరుసగా రాయి. మొదటివన్నీ ఒకే వైపు, చివరివన్నీ ఇంకో వైపు ఉంటే, మోడలే సరిపోలేదని అర్థం. అప్పుడు f ఎంత తగ్గించినా లాభం లేదు.

పంప్‌టెస్ట్_తిరుపతి

చూశాను. మొదటి నాలుగు రీడింగులు ప్రోగ్రామ్ చెప్పిన దానికన్నా 2, 3 సెంటీమీటర్లు ఎక్కువ దిగాయి. మధ్యవి దాదాపు సున్నా. చివరివి ఒక సెంటీమీటర్ అటూ ఇటూ.

బోర్ల_సర్వే

మొదటి నాలుగూ ఒకే వైపు అంటే నాకు అనుమానమే. తోడే బోరులోనే నిలవ ఉన్న నీరు మొదట్లో రావడం వల్ల అయితే తేడా ఇంకో వైపు ఉండాలి, తక్కువ దిగాలి. మొదటి పది నిమిషాల్లో పంపు సెకనుకు 2 లీటర్లే ఇచ్చిందా, ఎక్కువ ఇచ్చిందా? డ్రమ్ము పెట్టి కొలిచారా, మీటరు ఉందా?

పంప్‌టెస్ట్_తిరుపతి

మీటరు లేదన్నా. డ్రమ్ము పెట్టి మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచాం. మొదట్లో కొలవలేదు. మొదటి నాలుగు తీసేసి ఎనిమిదితో నడిపిస్తే T కొంచెం తగ్గుతోంది, S కొంచెం పెరుగుతోంది. ఏది రాయాలో గైడ్‌ని అడిగి చెప్తాను.